7 భాజనీయతా సూత్రంలో శేషం ఎందుకు తప్పుతోంది?

మా అమ్మాయికి భాజనీయతా సూత్రాలను కారణాలతో సహా చెబుతూ 7 దగ్గర ఆగిపోయాను. 345 తీసుకున్నాం. అంకెల మొత్తం 12. దాన్ని 9తో భాగిస్తే శేషం 3, 345ను భాగించినా 3 వస్తుంది. 10, 100 వంటివన్నీ 9 గుణిజం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ కాబట్టి ఇలా వస్తుంది; 3తో భాగించేటప్పుడూ ఇదే కారణం సరిపోతుంది. 11కు కుడి నుంచి 5 - 4 + 3 = 4. అసలు శేషమూ 4.

7కు మాత్రం చివరి అంకెను రెట్టింపు చేసి మిగతా సంఖ్యలోంచి తీసేస్తాం: 34 - 10 = 24. దీని శేషం 3, కానీ 345కు శేషం 2. పొరపాటేమోనని 263తో చూశాను: 26 - 6 = 20, శేషం 6. అసలు శేషం 4.

సంఖ్యను 10a + b అనుకుంటే అది 10(a - 2b) + 21b అవుతుంది. 21b ఎలాగూ 7 గుణిజమే కాబట్టి a - 2b భాగించబడితే మొత్తం సంఖ్యా భాగించబడుతుందని అర్థమైంది. భాగించబడనప్పుడే చిక్కు. పెద్ద సంఖ్యలకు ఈ పద్ధతిని రెండు మూడు సార్లు చేస్తే శేషం ఇంకా ఎటో పోతోంది.

ఇలా చివర వచ్చిన శేషం నుంచి అసలు శేషాన్ని రాబట్టడం ఎలా?