40 సీట్లకు డబ్బు ముందే కట్టారు, పేర్లు తర్వాత ఇస్తారట: తీసుకోవాలా వద్దా?

బెజవాడ_రన్
మాది 10 కిలోమీటర్ల పరుగు, దాదాపు 700 మంది. ఒక కంపెనీ తరఫున ఒకాయన 40 సీట్లకు ఒకేసారి డబ్బు కట్టేశారు, ఎవరెవరు పరిగెత్తుతారో తర్వాత చెబుతామన్నారు. పేర్లు లేకుండా తీసుకోవద్దని కమిటీలో సగం మంది, తీసుకుందామని సగం మంది. మీరు ఎటు?

చిప్_టైమింగ్
తీసుకోండి. కానీ మీ సిస్టమ్‌లో 40 మంది రన్నర్లను కాదు, 40 ఖాళీ సీట్లను పెట్టండి. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

మామూలు ఫారంలో పేరు, పుట్టినతేదీ, ఫోన్ తప్పనిసరి. గ్రూపు తరఫున కట్టే మనిషి దగ్గర అవి ఉండవు కదా. అందుకని తన పేరే 40 సార్లు కొడతాడు, లేదంటే "టీమ్ మెంబర్ 1, టీమ్ మెంబర్ 2" అని రాస్తాడు. అందరి పుట్టినతేదీ 01/01/1990, అందరి ఫోన్ తనదే. అవి నిజమైన మనుషుల్లా జాబితాలోకి ఎక్కేస్తాయి. పరుగు అయ్యాక 52 ఏళ్ల మనిషి ముప్పైల కేటగిరీలో కనిపిస్తాడు, సర్టిఫికెట్ లింకులన్నీ ఒకే ఫోన్‌కి వెళ్తాయి. ఇప్పటికే అలా జరిగిందేమో చూడాలంటే పుట్టినతేదీ కాలమ్ మీద లెక్క తీయండి. ఒకే తేదీ నాలుగైదు సార్లు కనిపిస్తే అది మనుషుల తేదీ కాదు.

ఇక గడువు సంగతి. పేర్లకు ఒకే చివరి తేదీ పెట్టడం తప్పు. ఒక్కో వివరం ఒక్కో పనికి కావాలి. టీషర్టు సైజు కుట్టేవాళ్లకి కావాలి, అది మూడు నాలుగు వారాల ముందు. ఛాతీకి తగిలించుకునే నంబర్ బిబ్ మీద పేరు ప్రింటు వేయిస్తుంటే పది రోజుల ముందు. పుట్టినతేదీ, ఆడా మగా అన్నవి ఫలితాల కోసం, అవి ముందురోజు సాయంత్రం వచ్చినా సరిపోతుంది. ఎందుకంటే బిబ్ వెనకాల అంటించిన చిప్‌కి మీ పేరు తెలియదు. దానికి తెలిసింది నంబరే. మ్యాట్ మీంచి 3117 దాటింది అని మాత్రమే అది చెబుతుంది. 3117 ఎవరన్నది మన జాబితాలో ఒక వరుస, పరుగు తెల్లవారుజామున కూడా మార్చుకోవచ్చు. కాబట్టి కంపెనీకి 3101 నుంచి 3140 దాకా వరుసగా కేటాయించి పెట్టుకోండి. పేర్లు నెమ్మదిగా వచ్చి కూర్చుంటాయి.

హెచ్ఆర్_మాదాపూర్
ఖాళీ సీట్లు సరే. మరి పేర్లు ఎలా తీసుకుంటారు? ఒక్కొక్కరికీ లింకు పంపి నింపుకోమంటే పదిమంది కూడా నింపరు. ఆఫీసు మెయిల్‌లో అది స్పామ్‌లో పడుతుంది. ఎక్సెల్ షీటు ఇవ్వండి, కోఆర్డినేటరే డెస్కు డెస్కుకీ తిరిగి నింపి పంపుతాడు. 40 మందికి అదే వేగం.

చిప్_టైమింగ్
వేగం విషయంలో మీదే కరెక్టు మేడమ్. షీటు వస్తుంది. అయితే చెడిపోయి వస్తుంది, చెడినట్టు ఎవరికీ తెలియదు.

ఫోన్ నంబర్ ముందు 91 పెట్టి 12 అంకెలు కొడితే ఎక్సెల్ దాన్ని 9.19877E+11 అని చూపిస్తుంది. అలాగే సీఎస్వీగా సేవ్ చేస్తే ఫైల్లోకి వెళ్లేది ఆ ముక్కే, మిగతా అంకెలు పోయినట్టే. తిరిగి తెచ్చుకునే దారి లేదు. పుట్టినతేదీ 05/03/1991 అంటే మనకి మార్చి 5, అమెరికా సెట్టింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి మే 3. రోజు 12 దాటితే తేడా బయటపడుతుంది, 12 లోపైతే నోరుమూసుకుని తప్పుగా కూర్చుంటుంది. అందుకని ఫోన్ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చి 10 అంకెలే అడగండి, తేదీని రోజు, నెల, సంవత్సరం అని మూడు గడుల్లో అడగండి.

మూడోది అన్నిటికంటే పెద్దది. కోఆర్డినేటర్ వారం తర్వాత "ఫైనల్ 2" అని ఇంకో షీటు పంపుతాడు. మీరు వరుస క్రమాన్ని నమ్ముకుని ఎక్కిస్తే పేర్లన్నీ ఒక గడి కిందికి జారి పక్కవాడి బిబ్ మీద పడతాయి. ప్రతి వరుసకీ ఎడమ పక్కన సీటు కోడ్ ఉండాలి, K17-01 నుంచి K17-40 దాకా. ఆ కాలమ్‌ని లాక్ చేసి పంపండి. షీటు ఎక్కించేటప్పుడు కోడ్‌తోనే పోల్చండి. ఇంత చేసినా పేర్ల కాలమ్ ఒక్కదాన్నే అక్షరక్రమంలో సార్ట్ చేసే మహానుభావులు ఉంటారు. మగ పేర్లకి ఎదురుగా "స్త్రీ" అని రెండు మూడు చోట్ల కనిపించిందంటే జరిగింది అదే.

గల్లీ_క్రికెట్
మా అపార్ట్‌మెంట్ల టోర్నీలో మొదటి మ్యాచ్ టాస్‌కి ముందే 15 మంది పేర్లు ఇచ్చేయాలి, తర్వాత ఒక్క పేరు కూడా మారదు. లేకపోతే సెమీఫైనల్‌కి బయటినుంచి బౌలర్‌ని దింపుతారు. మీరూ అంతే చేయండి, ఇంత చర్చ ఎందుకు?

చిప్_టైమింగ్
సార్, అక్కడ ఎంట్రీ జట్టుది, గెలిచేదీ జట్టే. ఇక్కడ కంపెనీ డబ్బు మాత్రమే కట్టింది, పరిగెత్తేది 40 మంది విడివిడిగా. పేరు మారితే పోటీకి నష్టం లేదు. పేరు మార్చకుండా బిబ్ మార్చుకుంటేనే నష్టం. మగాయన తన ఆఫీసు ఆడమనిషి బిబ్ పెట్టుకుని 45 నిమిషాల్లో వచ్చాడంటే మహిళల విభాగంలో మెడల్ ఆయనకి పోతుంది. అందుకే మార్పు సులువుగా ఉండాలి. దారి మూసేస్తే చాటుగా మార్చుకుంటారు.

కోడ్_కాఫీ
లింకులు వద్దనేముంది? 40 లింకులు కాదు, టీమ్ మొత్తానికి ఒకే లింకు ఇవ్వండి, వాట్సాప్ గ్రూపులో వేసుకుంటారు. జాగ్రత్త ఒక్కటే. చివరి సీటు కోసం ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరికీ ఇచ్చేయకూడదు. ముందు ఖాళీలు లెక్కపెట్టి, తర్వాత రాసే పద్ధతిలో అదే జరుగుతుంది, 40 సీట్లకు 41 మంది వస్తారు. వెతకడం, పట్టుకోవడం ఒకే దెబ్బలో జరగాలి. పోస్ట్‌గ్రెస్‌లో ఇలా:

```sql
UPDATE slots SET runner_id = 512
WHERE id = (SELECT id FROM slots
            WHERE order_id = 88 AND runner_id IS NULL
            LIMIT 1 FOR UPDATE SKIP LOCKED)
RETURNING id;
```

వరుస తిరిగి రాకపోతే సీట్లు అయిపోయాయని చూపించండి. ఇంకోటి, మీ ఫారంలో "ఒక మెయిల్‌కి ఒక్క రిజిస్ట్రేషనే" అన్న నియమం ఉంటే అది రన్నర్‌కే ఉంచండి, డబ్బు కట్టినవాడికి తీసేయండి. లేకపోతే ఆయన రెండో కంపెనీ తరఫున ఇంకో పది సీట్లు కొనలేడు.

ఫస్ట్ఎయిడ్_వాలంటీర్
ఒక్క గడి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అత్యవసర ఫోన్. షీటు కోఆర్డినేటర్ నింపితే 40 మందికీ అక్కడ ఆయన నంబరే ఉంటుంది. ఆయన కూడా ఆరో కిలోమీటర్ దగ్గర పరిగెత్తుతూ ఉంటాడు, ఫోన్ బ్యాగులో ఉంటుంది. 8వ కిలోమీటర్ దగ్గర ఒకరు పడిపోతే ఎవరికి చేయాలి? కాబట్టి అత్యవసర నంబర్ ఆ మనిషి సొంత నంబర్ కాకూడదు, కోఆర్డినేటర్‌ది కాకూడదు, అదే ఈవెంట్‌లో ఇంకో రన్నర్‌ది కూడా కాకూడదు. ఈ మూడూ సిస్టమే పోల్చి ఆపగలదు.

బ్లడ్ గ్రూప్ గడి తీసేసినా నాకు అభ్యంతరం లేదు. రక్తం ఎక్కించాల్సి వస్తే ఆసుపత్రి మళ్లీ పరీక్ష చేసే ఎక్కిస్తుంది, బిబ్ మీద రాసింది చూసి కాదు. దాని బదులు షుగర్, ఆస్తమా, పడని మందులు అడగండి. అయితే ఇవి ఎవరూ తోటి ఉద్యోగి చేతి షీటులో రాయరు. ఇందుకే నేను లింకు పక్షం. ఆరోగ్య వివరాలు, "నా బాధ్యత మీద పరిగెత్తుతున్నాను" అన్న అంగీకారం ఆ మనిషే ఇవ్వాలి. ఒకడు 40 టిక్కులు పెడితే అది ఒకడి అంగీకారమే. పిల్లలెవరైనా ఉంటే తల్లిదండ్రులది కావాలి.

హెచ్ఆర్_మాదాపూర్
అది ఒప్పుకుంటాను. పేరు, సైజు, ఫోన్ షీటులో తీసుకోండి. మిగతావి ఆ ఫోన్‌కే లింకు పంపి అడగండి. ఫోన్ సరిగ్గా ఉంటే జనం నింపుతారు.

లెక్కల_పుస్తకం
బిల్లు మాట. 40 సీట్లకు కంపెనీ పేరు మీద జీఎస్టీ బిల్లు ఇచ్చేయండి, అందులో మనుషుల పేర్లు రాయకండి. రాస్తే ఎవరు మారినా కొత్త బిల్లు అడుగుతారు. పేరు మారినందుకు బిల్లు మారదు, సీట్లు తగ్గితేనే క్రెడిట్ నోట్ రాయాలి. అందుకని ఒక తేదీ తర్వాత మార్చుకోవడం ఉంటుంది, తగ్గించడం ఉండదని మొదటి మెయిల్లోనే చెప్పేయండి.

బెజవాడ_రన్
23 పేర్లు వచ్చాయి, 17 రాలేదు. టీషర్టుల ఆర్డర్ రేపే. వచ్చిన 23లో చిన్న సైజు 4, మీడియం 9, లార్జ్ 7, ఎక్స్‌ఎల్ 3. ఆ 17కి ఏం చెప్పను?

చిప్_టైమింగ్
అదే నిష్పత్తిలో వేస్తే 17కి చిన్నవి 3, మీడియం 7, లార్జ్ 5, ఎక్స్‌ఎల్ 2 వస్తాయి. అలాగే ఆర్డర్ పెట్టకండి. పెద్ద చొక్కాలో చిన్న మనిషి దూరగలడు, చిన్నదాంట్లో పెద్ద మనిషి దూరలేడు. చిన్నవి 2, మీడియం 6, లార్జ్ 6, ఎక్స్‌ఎల్ 3 చేయండి. మొత్తం 17 అలాగే ఉంటుంది. ఆలస్యంగా పేరిచ్చిన వాళ్లకి "ఉన్న సైజులో ఇస్తాం" అని ముందే రాయండి, "కోరిన సైజు" అని మాట ఇవ్వకండి.

బిబ్‌ల మీద ఆ 17కి పేరు బదులు కంపెనీ పేరు వేయించండి. ఖాళీగా వదిలేస్తే దొరికినవాడు తగిలించుకుంటాడు.

హెచ్ఆర్_మాదాపూర్
ఆ 17 బిబ్‌లూ శనివారం కోఆర్డినేటర్‌కి కట్టగా ఇచ్చేస్తారు కదా? అందరూ కౌంటర్‌కి రాలేరు.

ఫస్ట్ఎయిడ్_వాలంటీర్
పేరున్న 23 ఇవ్వండి. ఆ 17 ఇవ్వొద్దు. మనిషి వచ్చి, గుర్తింపు కార్డు చూపించి, అత్యవసర నంబర్ నింపాకే ఇవ్వాలి.

చిప్_టైమింగ్
నేను కొంచెం సడలిస్తాను. 17 బిబ్‌లూ ఒకే కట్టగా ఇచ్చేయండి, కానీ జాబితాలో ఆ నంబర్లను ఆపి ఉంచండి. లింకులో వివరాలు నింపిన నంబర్‌కే ఫలితం, సర్టిఫికెట్. నింపకుండా పరిగెత్తితే సమయం నమోదవుతుంది, పేరు రాదు, బహుమతి లెక్కలోకీ రాదు.

ఫస్ట్ఎయిడ్_వాలంటీర్
సర్టిఫికెట్ అక్కర్లేనివాడే నింపడు. పడిపోయేవాడు అతనే అయితే?

బెజవాడ_రన్
కౌంటర్ శనివారం రాత్రి 8 దాకా తెరుస్తాం, ఆదివారం 4:30కి ఆ 17కి విడిగా ఒక బల్ల వేస్తాం. కట్టగా ఇవ్వాలా వద్దా అన్నది కమిటీలో ఇంకా తెగలేదు.