రొటేషన్లు అయిపోయినయ్, ఏ ల్యాబ్‌లో చేరాలి?

సుధీర్, కావలి
అన్నలకు, అక్కలకు నమస్కారం. అమెరికాలో బయాలజీ పీహెచ్‌డీ మొదటి సంవత్సరం. ఒక్కో ల్యాబ్‌లో కొన్నాళ్ళు చేసి చూసే రొటేషన్లు మూడూ అయిపోయినయ్, వచ్చే నెలలో ల్యాబ్ తేల్చుకోవాలి. ఒకటి పేరున్న పెద్దాయనది, పన్నెండు మంది ఉన్నారు. ఇంకొకటి మూడేళ్ళ కిందట చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ది, నలుగురే. డబ్బుల సంగతి అడిగితే పెద్దాయన "బాగానే ఉంది" అన్నారు. అంతకు మించి ఎట్లా అడగాలో తెలీలేదు.

రమణయ్య, నెల్లూరు
బాబూ, క్యాంపస్‌లో ల్యాబ్ ఉద్యోగమైతే వారానికి ఇరవై గంటలు దాటనీయొద్దు, వీసాకు ఇబ్బంది. మా అల్లుడు లైబ్రరీలో చేస్తుండాడు, అది సుఖం.

మాలకొండయ్య, కందుకూరు
రమణయ్య గారూ, అబ్బాయి అడిగింది పార్ట్‌టైమ్ కాదండీ. సుధీర్, పెద్దాయనకి అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ NIH ఇచ్చే R01 గ్రాంట్ ఉందేమో చూడు. ఉంటే ఐదేళ్ళు ఢోకా లేదు. నేను 2009లో అట్లాగే చూసి చేరా, హాయిగా బయటపడ్డా.

సుభాషిణి, ఒంగోలు
ఐదేళ్ళు అన్నది గ్రాంట్ మొదలైన రోజు నుంచి లెక్క మాలకొండయ్య గారూ, సుధీర్ చేరిన రోజు నుంచి కాదు.

సుధీర్, NIH RePORTER సైట్‌లో ఆయన పేరు కొట్టు. గ్రాంట్ నంబర్ ముందు 1 ఉంటే కొత్తది, 2 ఉంటే మళ్ళీ పోటీపడి తెచ్చుకున్నది, 5 ఉంటే మధ్యలో నడుస్తున్నది. చివర -04 అంటే నాలుగో ఏడు, -14 అంటే ఆ గ్రాంట్‌ను రెన్యూవల్ చేయించుకుంటూ పద్నాలుగో ఏట్లోకి తెచ్చాడని. రెన్యూవల్ తెచ్చుకోగలిగినవాడని తెలియడమే నాకు ముఖ్యం. అక్కడ Budget End అన్నది ఆ ఏటి విడతకు చివరి తేదీ. నువ్వు చూడాల్సింది Project End. అది కూడా రాతిమీద రాత కాదు, 2025లో నడుస్తున్న గ్రాంట్లనే మధ్యలో చాలా ఆపేశారు. రొయ్యల గుంటలున్న ఇంటి పిల్లోడివైతే నీకు నేను చెప్పక్కర్లా, ఒకే గుంటలో పెట్టుబడంతా పెట్టినాక తెల్లమచ్చ తగిలితే ఏమవుతుందో.

ఇంకోటి. ఆ ల్యాబ్‌లో అమెరికన్ పిల్లలు కొందరు ఎన్‌ఎస్‌ఎఫ్ ఫెలోషిప్ మీద ఉంటారు. అది మనకి రాదు, పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే. వాళ్ళు నిశ్చింతగా ఉన్నారంటే నీకూ అంతే అనుకోవద్దు. ల్యాబ్ నడిపే పీఐ గ్రాంట్ మీద ఎంతమంది బతుకుతున్నారో అడుగు.

సుధీర్, కావలి
చూశానక్కా. రెండు R01లు ఉన్నాయి. ఒకటి -04, వచ్చే వేసవికి అయిపోతుంది. రెండోది -12, ఇంకా మూడేళ్ళుంది. స్టూడెంట్లు ఏడుగురు, ముగ్గురికి సొంత ఫెలోషిప్.

సుభాషిణి, ఒంగోలు
అంటే పోస్ట్‌డాక్‌లు ఐదుగురూ, స్టూడెంట్లు నలుగురూ ఆ రెండింటి మీదే. వేసవిలో మొదటిది రాకపోతే రెండోదాని మీద తొమ్మిదిమంది. ఆయన్ని నేరుగా అడుగు: "ఆ గ్రాంట్ రెన్యూవల్‌కి పంపారా, రాకపోతే నా జీతం దేంట్లోంచి?" పద్ధతి గల మనిషికి ఈ ప్రశ్నకి కోపం రాదు.

ఇక మనుషుల సంగతి. ల్యాబ్ వెబ్‌సైట్‌లో పూర్వ విద్యార్థుల జాబితాలో ఎక్కువగా గట్టెక్కినవాళ్ళే ఉంటారు. web.archive.org లో ఏడెనిమిదేళ్ళ కిందటి పేజీ తెరిచి, అప్పటి స్టూడెంట్లలో ఎవరు థీసిస్ ఇచ్చారో ఒక్కొక్కరిని వెతుకు.

ఫాతిమా, ఉదయగిరి
ఈ పని నేను చెయ్యలేదు, అందుకే రాస్తున్నా. మా పీఐ గ్రాంట్ నా మూడో ఏట అయిపోయింది. ఆఫర్ లెటర్‌లో ఐదేళ్ళు అని ఉంది, నిజమే, కానీ దాని అర్థం డిపార్ట్‌మెంట్ టీచింగ్ అసిస్టెంట్ పని ఇస్తుందని. జీతం ఆగలేదు. వారానికి ఇరవై గంటలు పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నా, నా ఎలుకలు ముసలివైపోయినయ్. ఏడేళ్ళు పట్టింది. ఐదేళ్ళ హామీ ఎవరిదో, ఏ రూపంలోనో గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌తో మెయిల్‌లో రాయించుకో తమ్ముడూ.

సుధీర్, కావలి
2018 పేజీలో ఎనిమిది మంది స్టూడెంట్లున్నారు. ఐదుగురి థీసిస్ దొరికింది, ఎక్కువమందికి ఆరేళ్ళ పైనే. ముగ్గురి పేర్లు ఇప్పటి జాబితాలో లేనే లేవు.

మాలకొండయ్య, కందుకూరు
అయితే ఆ చిన్న ప్రొఫెసర్ దగ్గర చేరిపో!

సుభాషిణి, ఒంగోలు
తొందరపడొద్దు. ముగ్గురు వెళ్ళిపోయారంటే ఆయన చెడ్డవాడని కాదు, ఊరు మారినవాళ్ళుంటారు, మాస్టర్స్‌తో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళుంటారు. చిన్నామెకేమో మామూలుగా ఆరో ఏట టెన్యూర్, అంటే ఉద్యోగం పక్కా అవుతుందో లేదో తేలుతుంది. అప్పటికి నువ్వు నాలుగో ఏట్లో ఉంటావు. చేరేటప్పుడు యూనివర్సిటీ ఇచ్చిన స్టార్టప్ డబ్బు ఎంత మిగిలిందో, R01కి ఎన్నిసార్లు పంపిందో అడుగు. చాలామందికి మొదటిసారి రాదు, అది తప్పేం కాదు. నేనైతే ఆమెవైపు మొగ్గుతా, కానీ నా మాట మీద చేరొద్దు.

ఆ ముగ్గురిలో ఒక్కరినైనా పట్టుకో. మెయిల్ వద్దు, ఫోన్. మెయిల్‌లో అందరూ మంచే రాస్తారు. "మళ్ళీ అయితే అక్కడే చేరతారా?" అని అడిగి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూడు.

సుధీర్, కావలి
ఒకాయన లింక్డిన్‌లో దొరికాడక్కా. శనివారం మాట్లాడతానన్నాడు. నంబర్ పంపుతూ "ఆ ల్యాబ్ ఫోన్ నుంచి మాత్రం చెయ్యొద్దు" అని రాశాడు.