హోటళ్లకు బియ్యం వేస్తామని ఈమెయిల్ పెడితే జవాబు లేదు, ఏం మార్చాలి?

బియ్యం వ్యాపారి, కర్నూలు:
మాది కర్నూలులో హోల్‌సేల్ కొట్టు. పాత సోనా మసూరి, 26 కిలోల బస్తాలు. ఊళ్లోనూ, డోన్, నంద్యాల వైపూ హోటళ్లకు నేరుగా వేద్దామని ఈమెయిల్స్ పెడుతున్నాం. "నాణ్యమైన బియ్యం, తక్కువ ధర, సకాలంలో డెలివరీ, ధరల పట్టిక జత చేశాం" అని రాస్తున్నా. ఒక్కరూ పలకలేదు. ఒకేసారి 10 బస్తాలు దాటితే బస్తా 1,430, 50 దాటితే 1,378 అని పట్టికలో ఉంది. ఇంకా తగ్గించాలా?

కమీషన్ ఏజెంట్, నంద్యాల:
రేటే అన్నా, ఇంకేం లేదు. మొదటి లైన్లోనే రేటు వేయి. బియ్యానికి జీఎస్టీ లేదు కాబట్టి "పన్ను లేదు" అని కూడా పెద్దగా రాయి.

పర్చేజ్ మేనేజర్, అనంతపురం:
రేటు ముందు కనబడాలన్నది నిజమే. జీఎస్టీ మాట మాత్రం సగమే నిజం. 2022 జులై నుంచి 25 కిలోలు, అంతకు లోపు లేబుల్ వేసిన ప్యాకింగ్‌కు 5 శాతం ఉంది. మీ బస్తా 26 కిలోలు కాబట్టి పడదు. బరువు కూడా రాస్తేనే ఆ మాటకు అర్థం ఉంటుంది. 5 శాతం జీఎస్టీతో బిల్లు వేసే హోటల్‌కు కొనుగోలు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు, అందుకే మేం అది తప్పకుండా చూస్తాం.

అసలు చిక్కు మీ పట్టికలో ఉంది. రోజుకు 50 కిలోలు వండే హోటల్ తీసుకోండి. నెలకు 1,500 కిలోలు, అంటే 58 బస్తాలు. అన్నీ ఒకేసారి దించుకునే చోటు ఏ హోటల్‌కు ఉంటుంది? వారానికి 14, 15 తీసుకుంటుంది. మీ లెక్కలో ఎప్పటికీ 1,430 దగ్గరే ఉండిపోతుంది. నెల మొత్తాన్ని లెక్కలోకి తీసుకోండి. బిల్లు 1,430కే వేయండి, నెలాఖరుకు 50 దాటితే బస్తాకు 52 చొప్పున క్రెడిట్ నోట్ ఇవ్వండి. 58 బస్తాలకు 3,016 రూపాయలు. మధ్యలో మానేస్తే మీకు నష్టం ఉండదు. రేటు తగ్గించాల్సిన పనే లేదు.

మెస్ నిర్వాహకురాలు, కడప:
మాకు కూడా వేస్తారా అన్నా? రోజుకు ఒక బస్తా చాలు. ఇంతకుముందు ఒకాయన దగ్గర తీసుకుంటాంటిమి. మొదటి లోడు బాగుండె. రెండోది అదే పేరు, అదే సంచి, అన్నం ముద్దముద్దగా అయిపాయ. వంటమనిషి నీళ్లు తగ్గిస్తే పలుకు పలుకుగా ఉండిపాయ.

పర్చేజ్ మేనేజర్, అనంతపురం:
అమ్మా, ఆయన కడప దాకా వేస్తానని చెప్పలేదు. కానీ మీరు చెప్పిందే ఆ ఈమెయిల్‌లో లేనిది. ఒకే గిన్నెలో కొన్ని గింజలు మెత్తబడి, కొన్ని పలుకుగా ఉంటే పాతవాటిలో కొత్తవి కలిపినట్టు అనుమానించాలి. పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీలుస్తాయి, కొత్తవి తక్కువ నీళ్లకే ముద్దవుతాయి. రెండూ కలిస్తే ఏ కొలతా కుదరదు. ఖరీఫ్ పంట మార్కెట్‌కు వచ్చాక ఈ గొడవ ఎక్కువ.

కాబట్టి "నాణ్యమైన" అనే మాట తీసేసి, ఏ పంట, ఎన్ని నెలలు నిల్వ చేసినవి, నూక ఎంత శాతం, గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్లు అన్నవి రాయండి. నీళ్ల కొలత చదవగానే వంటమాస్టర్‌కు మీరు వండి చూశారని తెలుస్తుంది. లాట్ మారే ముందు కొత్త శాంపిల్ పంపుతామని కూడా చెప్పండి. నేనైతే ఇట్లా రాస్తా:

> విషయం: సోనా మసూరి, ఏడాది పాతవి, 26 కిలోల బస్తా 1,430, ప్రతి మంగళవారం డెలివరీ
>
> అయ్యా, మీ వంటమాస్టర్ వండి చూడటానికి 5 కిలోలు ఉచితంగా పంపుతాం. మేం వండినప్పుడు గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పట్టాయి. నూక 5 శాతం లోపు. అదే లాట్ శాంపిల్ సీలు వేసి మీ దగ్గర ఒకటి, మా దగ్గర ఒకటి ఉంచుతాం. తేడా వస్తే మూడు రోజుల్లో చెప్పండి, విప్పని బస్తాలు మా ఖర్చుతో వెనక్కి తీసుకుంటాం. నెలకు 50 బస్తాలు దాటితే బస్తాకు 52 తగ్గింపు. బండి మధ్యాహ్నం 3 నుంచి 5 లోపు వస్తుంది. ఈ ధర నెలాఖరు వరకే.

కింద ఫోన్ నంబరు, జీఎస్టీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్లు. మధ్యాహ్నం 3 గంటలని ఊరికే రాయలేదు, లంచ్ రద్దీలో బస్తాలు దించుకోవడానికి మనిషి దొరకడు. నీళ్ల కొలత, నూక శాతం మాత్రం మీ బియ్యంతో మీరే తేల్చి రాయండి.

బియ్యం వ్యాపారి, కర్నూలు:
నెల లెక్క బాగుంది, అట్లే మారుస్తా. అమ్మా, కడపకు ఇప్పుడు బండి లేదు. రోజుకు ఒక బస్తా కోసం అంత దూరం వేస్తే కిరాయి కూడా రాదు. మంగళవారం బండి చెడిపోతే మాత్రం ఏం చేయాలి?

పర్చేజ్ మేనేజర్, అనంతపురం:
మొదటి లోడులో రెండు బస్తాలు ఎక్కువ వేయండి. 50 కిలోల వాడకానికి అవి ఒక రోజు ఆదుకుంటాయి. బుధవారానికి ఆటో మాట్లాడి పెట్టుకోండి. చేయలేని ఊళ్లకు మాట ఇవ్వొద్దు.

కమీషన్ ఏజెంట్, నంద్యాల:
అరువు సంగతి రాయలేదే? నెల రోజుల అరువు ఇస్తామంటేనే హోటల్ వాళ్లు కదులుతారు. 45 రోజుల్లో కట్టకపోతే ఎంఎస్ఎంఈ చట్టం ఉందిలే.

పర్చేజ్ మేనేజర్, అనంతపురం:
ఆ రక్షణ తయారీదారులకు, సేవలు ఇచ్చేవాళ్లకే. కొని అమ్మే వ్యాపారికి ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్నా అది దక్కదు. మొదటి ఈమెయిల్‌లో అరువు ఎత్తొద్దు. రెండు నెలలు నగదు, తర్వాత వారం.

కమీషన్ ఏజెంట్, నంద్యాల:
నంద్యాలలో నగదు అంటే ఎవరూ తీసుకోరన్నా. నేను చూసినంతవరకు పదిహేను రోజులైనా ఇవ్వాల్సిందే.

బియ్యం వ్యాపారి, కర్నూలు:
కర్నూలులో నగదుకు అడిగి చూస్తా. నంద్యాల వాళ్లతో మాత్రం ముందు ఫోన్లో మాట్లాడాలి.