కాకినాడ నుంచి అమలాపురం వస్తుంటే టాక్సీలో విన్న పాట, గుర్తుపట్టగలరా?

అందరికీ నమస్కారం. ఎదుర్లంక వంతెన మీద ఉండగా టాక్సీలో ఒక పాత తెలుగు పాట వచ్చింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు, పాట వెతికే యాప్ పనిచేయలేదు. పాట ఆగగానే ముందు పల్లవి బాణీని కూనిరాగంగా ఫోన్‌లో రికార్డు చేశాను. తర్వాతి పాట మొదలైతే బాణీ చెదిరిపోతుంది, మాటలు మాత్రం ఇంకాసేపు నిలుస్తాయి.

ఆ తర్వాత వినపడిన మాటలు వినపడినట్టే రాసుకున్నాను: "గట్టు దాటి... (లేదా గుట్ట దాటి) ...రావే". అర్థం కోసం సరిచేయలేదు. ఎందుకంటే మనం ఊహించి నింపిన మాటతో వెతికితే వేరే పాటలే వస్తాయి. పల్లవి మగగొంతు, మొదటి చరణం ఆడగొంతు. చరణానికి ముందు సన్నాయి, వెనక డోలు. నడక ఒకటి-రెండు-మూడు అని లెక్కపెట్టేలా ఉంది, నాలుగు దెబ్బలది కాదు.

డ్రైవర్‌గారిని అడిగితే రేడియో కాదు, పెన్‌డ్రైవ్ అన్నారు. అంటే ప్రసార సమయాన్ని బట్టి వెతకడం కుదరదు. స్క్రీన్ మీద "Track 07" అని మాత్రమే ఉంది. ముందు వెనక వచ్చిన పాటలు అడిగి రాసుకున్నాను గానీ, అవన్నీ వేర్వేరు సినిమాలవి.

ఈ వివరాలతో ఎవరికైనా పాట తడితే చెప్పండి. సినిమా పాటా, జానపదమా అన్నది తేలినా చాలు. రికార్డింగ్ కావాలంటే పంపిస్తాను.