“శేషాలు గరాటులా విచ్చుకున్నాయి” అంటే?

అనువాదకురాలు: నేను సరిచూస్తున్న గణాంక పాఠంలో ఒక వాక్యం ఉంది: “శేషాలు వంపు తిరగలేదు గాని గరాటులా విచ్చుకున్నాయి.” అసలు విలువలోంచి, చుక్కలకు అమర్చిన గీత చెప్పిన విలువను తీసేస్తే మిగిలేది శేషమని తెలుసు. వంపు, గరాటు ఒకే లోపానికి రెండు పేర్లా?

కలంపోటు: రెండూ ఒకటే. సరళరేఖ నప్పలేదని అర్థం. వర్గపదం చేరిస్తే రెండూ పోతాయి.

పాతమాస్టారు: వంపు వరకు మీ మాట నిజం. x విలువలు 1 నుంచి 5 వరకు, y వాటి వర్గాలు అనుకోండి. వాటికి అమరే ఉత్తమ సరళరేఖ y = 6x − 7. గీత ఎంత బాగా అమరిందో చెప్పే R² దాదాపు 0.96, చూడగానే మురిసిపోతాం. శేషాలు మాత్రం వరుసగా 2, −1, −2, −1, 2. రెండు చివర్లా ధనం, నడుమ ఋణం. వంపంటే ఇదే. x² చేర్చగానే శేషాలన్నీ సున్నా అవుతాయి.

గరాటు సంగతి వేరు. అక్కడ శేషాల సగటు ఎటు చూసినా సున్నా దగ్గరే ఉంటుంది, పెరిగేది చెదురు. అంచనా 10 ఉన్నచోట అటూఇటూ 1 తేడా వస్తే, 100 ఉన్నచోట 10 వస్తుంది. గీత ఉండవలసిన చోటే ఉంది కనుక వర్గపదం ఏమీ బాగుచేయదు. దెబ్బతినేవి ప్రామాణిక దోషాలు, వాటితో కట్టే విశ్వాస అంతరాలు. చెదురు ఇలా అంచనాకు అనులోమంగా పెరిగితే, y విలువలన్నీ ధనమైతే, లాగరిథమ్ తీసుకోవడం ఒక దారి. కాకపోతే అప్పుడు గీత ఆకారం కూడా మారుతుంది, మళ్లీ వంపు కోసం చూడాలి.

చుక్కలలెక్క: నేను శేషాలను అసలు y విలువలకు ఎదురుగా గీస్తే ప్రతిసారీ చుక్కలు పైకి ఎక్కుతున్నాయి. ఇది వంపా, గరాటా?

పాతమాస్టారు: రెండూ కాదు. శేషం y లోంచి పుట్టిందే కదా, y పెద్దదైన చోట అదీ ధనంవైపు మొగ్గుతుంది. మామూలు కనిష్ఠ వర్గాల గీతకు ఆ సహసంబంధం సరిగ్గా √(1 − R²). R² 0.36 అయితే 0.8 వచ్చేస్తుంది, నమూనాలో ఏ తప్పూ లేకపోయినా. అడ్డం అక్షం మీద అంచనా విలువలు పెట్టి గీయండి.

కలంపోటు: ఒప్పుకున్నాను. అయితే ఒక అనుమానం. ఒకవైపు చుక్కలు ఎక్కువగా ఉంటే అక్కడ చెదురు ఎక్కువన్నట్టు కనబడదా?

పాతమాస్టారు: కనబడుతుంది, మంచి మాట. చుక్కలు ఎక్కువైతే దూరంగా పడేవీ ఎక్కువే. కంటిని నమ్మకుండా రెండు వైపులా శేషాల ప్రామాణిక విచలనం కట్టి పోల్చాలి.

అనువాదకురాలు: పాఠంలోని పటంలో మొత్తం 18 చుక్కలు. ఎడమవైపు నాలుగే, మిగతావన్నీ కుడివైపు.

పాతమాస్టారు: నాలుగింటితో కట్టే విచలనాన్ని నేను నమ్మను. “విచ్చుకున్నట్టు కనిపిస్తున్నాయి” అని మార్చండి.

కలంపోటు: అనువాదకులు మూలాన్ని దిద్దకూడదు. రచయితనే అడగాలి.