జ్వరానికి సూది, నీరసానికి సెలైను: మాత్ర కన్నా నిజంగా బలమైనవేనా?

కడెం కాలువ: మా నాన్నగారికి మూడు రోజులుగా జ్వరం, ఒళ్ళు నొప్పులు ఉన్నాయి. షుగరు, బీపీ కూడా ఉన్నాయి. అన్నం కొద్దిగా తింటున్నారు, నీళ్ళు బాగానే తాగుతున్నారు, వాంతులు లేవు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఒక సూది వేసి, రెండు సెలైన్లు ఎక్కిస్తే రేపటికి లేచి తిరుగుతారని అంటున్నారు. మాత్రల కన్నా సూదిమందు బలమైనదేనా? ఎక్కించమంటారా?

నల్లరేగడి: ఇందులో ఆలోచించవలసినది ఏముందండీ? మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా సూది వేయిస్తాము, తెల్లవారేసరికి తగ్గుతుంది. అదే మాత్రలు వేసుకుంటే మూడు రోజులు మంచం మీదే ఉండాలి. పత్తి తీతల సమయంలో మూడు రోజులు పడుకుంటే ఆ కూలి ఎవరిస్తారు?

వార్డు సిస్టర్: నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి విరమణ పొందాను, కొన్ని వేల సూదులు నా చేతులతో వేశాను. అందుకే చెబుతున్నాను, నాన్నగారి విషయంలో తొందరపడకండి. జ్వరానికి మామూలుగా కండలో వేసే పారాసెటమాల్ ఆంప్యూల్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని దాని మీద ఉన్న అక్షరాలు చదవండి. మన దగ్గర ఎక్కువగా వాడే రెండు మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో మిల్లీలీటరుకు 150 మిల్లీగ్రాముల చొప్పున మొత్తం 300 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మందుల కొట్టులో దొరికే మాత్రలో 500 గానీ 650 గానీ ఉంటుంది. అంటే నొప్పి భరించి వేయించుకున్న సూదిలో ఉన్న మందు మాత్రలో సగం కూడా ఉండకపోవచ్చు. మింగిన మాత్ర అరగంట నుంచి గంటలోపు పనిచేయడం మొదలుపెడుతుంది. మింగగలిగిన మనిషికి సూది వల్ల కలిసివచ్చేది ఏమీ లేదు.

పల్లె వైద్యం: సిస్టర్ గారి మీద గౌరవంతోనే ఒక మాట చెబుతాను. నేను ఆర్‌ఎంపీని. కడుపులోకి వెళ్ళిన మందంతా రక్తంలోకి చేరదు, కొంత ప్రేగుల్లోనే ఉండిపోతుంది, కొంత కాలేయం దగ్గర విరిగిపోతుంది. సూదిమందుకు ఆ నష్టం లేదు. ఇది నేను కల్పించిన మాట కాదు, మందుల పుస్తకాల్లో ఉన్నదే. కాబట్టి సూది బలమైనదనడంలో తప్పేమిటి?

వార్డు సిస్టర్: మీరు చెప్పినది సగం నిజం. ఆ నష్టం ఎంత ఉంటుందో ముందే లెక్కగట్టి, దానికి తగ్గట్టుగానే మాత్రలో మందు ఎక్కువ పెడతారు. పైగా ఆ నష్టం మందును బట్టి మారుతుంది. లీవోఫ్లాక్సాసిన్ నోటితో వేసుకున్నా దాదాపు మొత్తం రక్తంలోకి చేరుతుంది, నరంలోకి ఎక్కించినా రక్తంలో ఉండేది ఇంచుమించు అంతే. జెంటామైసిన్ ప్రేగు గోడను దాటదు కాబట్టి ఒంట్లోకి చేరాలంటే సూదిగానే ఇవ్వాలి. ఇన్సులిన్‌ను మింగితే ప్రేగుల్లోని రసాలు దాన్ని ఆహారంలాగే అరిగించేస్తాయి కాబట్టి అది కూడా సూదే. అందుకని, ఈ మందు నోటి ద్వారా చేరుతుందా, ఈ రోగి మింగగలడా, దాని కోసం అరగంట ఆగవచ్చా అని చూసుకుంటే చాలు. పాము కరిచినప్పుడు, ఫిట్స్ ఆగనప్పుడు, స్పృహ లేనప్పుడు, కాన్పు తరువాత రక్తం ఆగనప్పుడు ఆగడానికి వీలుండదు. వాంతులు ఆగకపోతే మింగినది నిలవదు. నాన్నగారికి వీటిలో ఏదీ లేదు.

కృష్ణవేణి: క్షమించాలి, నేను ఒప్పుకోలేను. మా అమ్మకు అరికాళ్ళు మొద్దుబారి, నడకలో తూలుతుంటే బీ12 సూదులు వేశారు. అంతకు ముందు ఆరు నెలలు మాత్రలు వేసుకున్నా గుణం కనిపించలేదు. సూదులన్నీ వృథా అనేవారు మా అమ్మను చూడాలి.

వార్డు సిస్టర్: అమ్మా, సూదులన్నీ వృథా అని నేను ఎక్కడా రాయలేదు. నరాలు దెబ్బతిన్న లక్షణాలు ఉన్నప్పుడు, కడుపు ఆ విటమిన్‌ను పీల్చుకోలేనప్పుడు సూదులతో మొదలుపెట్టడమే సరైన పద్ధతి. మీ అమ్మగారికి చేసినది సక్రమమైన వైద్యమే. ఇక్కడ అడిగినది మూడు రోజుల జ్వరం గురించి.

దారినపోయేవాడు: మా అత్తగారికి సెలైను పసుపు రంగులో లేకపోతే జ్వరం తగ్గదు.

నల్లరేగడి: నవ్వులాట ఎందుకండీ? ఆ పసుపు సెలైను ఎక్కిన తరువాత మా నాయనమ్మ లేచి కూర్చుని అన్నం అడిగింది. నేను కళ్ళతో చూసినదాన్ని ఎవరో రాసిన అంకెలు చూసి కాదనుకోవాలా?

వార్డు సిస్టర్: ఆ పసుపు రంగు, సెలైనులో కలిపే విటమిన్ల ఆంప్యూల్‌ది. ఇక బాటిల్ విషయానికి వస్తే, ఐదు శాతం గ్లూకోజు ఉన్న అర లీటరు బాటిల్‌లో 25 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదారు చెంచాలు. దాని నుంచి వచ్చే శక్తి వంద కేలరీలు కూడా దాటదు, కప్పుడు అన్నంలో దానికి రెట్టింపు ఉంటుంది. ఉత్త సెలైను అయితే అందులో శక్తి ఏమీ లేదు, అర లీటరుకు నాలుగున్నర గ్రాముల ఉప్పు మాత్రం ఉంటుంది. రెండు బాటిళ్ళంటే తొమ్మిది గ్రాములు. పెద్దవారు రోజు మొత్తానికి ఐదు గ్రాములలోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, బీపీ ఉన్న నాన్నగారికి రెండు గంటల్లో తొమ్మిది గ్రాములు నరంలోకి పంపుతారన్నమాట. గ్లూకోజు కలిసిన సెలైను పెడితే షుగరు కూడా పెరుగుతుంది.

మీ నాయనమ్మ లేచి కూర్చున్న మాట నేను కాదనను. అయితే ఆ రోజు సిరంజిలో ఏముందో మీకు తెలుసా? చాలాచోట్ల ఒకే సిరంజిలో నొప్పి మందుతో పాటు డెక్సామెథాసోన్ కూడా లాగుతారు. అది స్టెరాయిడ్. జ్వరాన్నీ నొప్పులనూ అణచివేస్తుంది, ఆకలి పుట్టిస్తుంది, మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు. జ్వరానికి మూలమైన జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది, షుగరు ఉన్నవారికైతే ఆ షుగరు బాగా పెరుగుతుంది. సూది బలమని మనం అనుకునేది చాలాసార్లు ఆ స్టెరాయిడ్ చేసే పనే.

పల్లె వైద్యం: ఇప్పుడు నేరుగా మా మీదకే వచ్చారు. నేను డెక్సా కలపను, కలిపేవారు లేరని మాత్రం అనను. అయితే మీరందరూ మమ్మల్నే ఎందుకు పట్టుకుంటారు? నా బావమరిది పట్నంలో పెద్ద ఆసుపత్రికి ఇదే జ్వరంతో వెళితే, అడుగుపెట్టిన పది నిమిషాల్లో చేతికి క్యాన్యులా గుచ్చి మూడు రోజులు సెలైన్లు ఎక్కించి, వేలల్లో బిల్లు వేశారు. అక్కడ అది చికిత్స, మా దగ్గర మాత్రం మోసమా?

వార్డు సిస్టర్: అక్కడ అవసరం లేకుండా పెట్టి ఉంటే అదీ తప్పే. మీరు చేస్తే ప్రమాదం ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే మందు పడక ఊపిరి ఆడనప్పుడు అడ్రినలిన్, ఆక్సిజన్ మీ దగ్గర ఉండవు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజీలే మళ్ళీ వాడడం వల్ల హెపటైటిస్ బీ పాకి ఎంతోమంది చనిపోయారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో అదే తీరులో ఎంతోమందికి హెచ్‌ఐవీ సోకిన సంగతి దేశమంతా చదివింది.

పల్లె వైద్యం: నేను ప్రతి మనిషికీ కొత్త సిరంజి వాడతాను! ఎక్కడో ఎవరో చేసిన దానికి నన్ను దోషిని చేయకండి. సరే, ఉన్న మాట చెబుతాను. రాత్రి పది గంటలకు వచ్చిన మనిషికి రెండు మాత్రలిచ్చి, నీళ్ళు తాగు, విశ్రాంతి తీసుకో అని పంపితే అతను నాకు ఒక్క రూపాయి ఇవ్వడు. ఆ మాట చెప్పడానికి నీ దగ్గరకు రావాలా అంటాడు, మర్నాడు పక్క ఊరి వైద్యుడి దగ్గరకు వెళ్ళి సూది వేయించుకుంటాడు. నా సలహాకు ఈ ఊళ్ళో ధర లేదు, సూదికి ఉంది. మీకు నెలనెలా పింఛను వస్తుంది కాబట్టి ఈ సంగతి అర్థం కాదు.

నల్లరేగడి: నా మాట కూడా వినండి. నేను సూది కోసం పట్టుబట్టేది మందుల లెక్కలు తెలియక కాదు. మాత్రలతో ఇంటికి వస్తే ఇంట్లోవాళ్ళు నాకు జబ్బు ఉందని నమ్మరు, మేస్త్రీ నమ్మడు. సెలైను ఎక్కిందంటేనే రెండు రోజులు పడుకోనిస్తారు.

వార్డు సిస్టర్: ఈ మాట ముందే చెప్పి ఉంటే ఆంప్యూల్ గురించి ఇంత రాసేదాన్ని కాదు. దీనికి నా దగ్గర మందు లేదు. కానీ కడెం కాలువ గారూ, ఈ కాలంలో మూడో రోజు జ్వరం అంటే ముందు డెంగీ పరీక్ష చేయించండి. డెంగీ అయితే కండలో వేసే సూది దగ్గర రక్తం గూడుకట్టవచ్చు, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరానికి పారాసెటమాల్ మాత్ర ఒక్కటే ఇవ్వండి.

కడెం కాలువ: మండల కేంద్రంలో పరీక్ష చేయించాము, డెంగీకి చేసే ఎన్‌ఎస్‌1 పరీక్ష పాజిటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 96 వేలు ఉన్నాయి. సూది వేయించలేదు.

పల్లె వైద్యం: ఇప్పుడైతే సెలైను పెట్టవలసిందే కదా, సిస్టర్ గారూ? ప్లేట్‌లెట్లు లక్ష కిందకు వచ్చాయి.

వార్డు సిస్టర్: సెలైను వల్ల ప్లేట్‌లెట్లు పెరగవు. డెంగీలో ప్రమాదం జ్వరం దిగిన తరువాత ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. అప్పుడు రక్తంలోని నీరు నాళాల నుంచి బయటకు కారుతుంది. ఆ సమయంలో సెలైను నిజంగానే ప్రాణం నిలబెడుతుంది. అయితే బరువును బట్టి, రక్తంలో ఎర్రకణాల శాతాన్ని చెప్పే హిమటోక్రిట్, నాడి, బీపీ, మూత్రం చూసుకుంటూ గంట గంటకూ వేగం మార్చాలి. లెక్క లేకుండా ఎక్కిస్తే అదే నీరు ఊపిరితిత్తుల చుట్టూ చేరి ఆయాసం వస్తుంది. నాన్నగారికి షుగరు, బీపీ ఉన్నాయి కాబట్టి ఇప్పుడే ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చి కనిపెట్టుకుని ఉండడం మంచిది. చేర్చినంత మాత్రాన సెలైను పెట్టాలని లేదు, తాగగలిగినంత కాలం ఓఆర్‌ఎస్, గంజి ఇవ్వవచ్చు. ఓఆర్‌ఎస్ ఎంత తాగించాలో, షుగరు మందులు ఎలా వేయాలో అక్కడి డాక్టరు గారిని అడగండి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా నర్సును పిలవండి.

నల్లరేగడి: జ్వరం తగ్గాక ప్రమాదమా? మేము జ్వరం తగ్గగానే చేనుకు పంపిస్తాము.

పల్లె వైద్యం: మీరు రాసినట్టు గంట గంటకూ చూసేవారు మా ఏరియా ఆసుపత్రిలో రాత్రిపూట ఉంటారన్న నమ్మకం నాకు లేదు.

కడెం కాలువ: వాగు పొంగితే రాత్రి 108 కూడా మా ఊరికి రాదు, అందుకని ఈ సాయంత్రమే బయలుదేరుతున్నాము. సిస్టర్ గారూ, అక్కడ సెలైను పెడతామంటే ఏమి అడగాలి?

వార్డు సిస్టర్: హిమటోక్రిట్ ఎంత వచ్చింది, గంటకు ఎన్ని మిల్లీలీటర్లు పెడుతున్నారు, మళ్ళీ ఎప్పుడు చూస్తారు అని అడగండి. ఆయన పోసే మూత్రాన్ని ఒక కొలపాత్రలో కొలిచి, వేళతో సహా మీరే కాగితం మీద రాసి పెట్టుకోండి.