పాత జపనీస్ చిత్రపటం: ఫోన్ అనువాదం సరిపోతుందా, నిపుణుడికి చూపించాలా?

పటం_ప్రశ్న: వారసత్వంగా వచ్చిన జపనీస్ చిత్రపటం ఒకటి ఉంది. కుడి అంచున కుంచెతో నిలువుగా రాసిన ఒక వరుస, దాని కింద రెండు ఎర్ర ముద్రలు. ఫొటో తీసి యాప్‌లో పెడితే ఒకసారి "శరత్కాల చంద్రుణ్ణి చూస్తూ, 1924" అని, ఇంకోసారి "కొత్త బియ్యం ఇంటికి చేరింది" అని వచ్చింది. ఏది నమ్మాలి? డబ్బు పెట్టి నిపుణుడికి చూపించాల్సిందేనా?

వెలుతురు: ఫొటో బాగా రాకపోవడమే కారణం అయ్యుంటుంది. పటాన్ని గోడకి తగిలించి, నీడ పడకుండా పగటి వెలుతురులో, కెమెరా ఏటవాలుగా లేకుండా తీయండి. అక్షరాలు ఫ్రేమ్ నిండా ఉండాలి. అయినా తేడా వస్తే జపనీస్ వచ్చిన ఫ్రెండ్‌ని అడగండి. నిపుణుడి దాకా ఎందుకు?

మందులడబ్బా: నేను జపనీస్ మందు ప్యాకెట్‌ని ఇలాగే చదివించుకున్నాను. చక్కగా వచ్చింది, ఏ ఇబ్బందీ లేదు. అనవసరంగా టెన్షన్ పడుతున్నారేమో.

కుంచెరాత: మందులడబ్బా గారూ, మీది అచ్చు అక్షరం. దాన్ని యంత్రం బాగానే పోలుస్తుంది. ఆ ప్యాకెట్ మీద కూడా మోతాదు అంకెల్ని మాత్రం ఫార్మసిస్ట్‌తో సరిచూసుకోండి, ఒక చుక్క ఎగిరిపోతే 0.5 కాస్తా 5 అవుతుంది.

పటం సంగతి వేరు. యాప్ రెండు పనులు చేస్తుంది: ముందు బొమ్మలోంచి అక్షరాలు ఏరుతుంది, తర్వాత వాటిని అనువదిస్తుంది. రెండో పని ఎప్పుడూ సాఫీగానే కనిపిస్తుంది. మొదటి పనిలో తప్పు జరిగితే ఆ తప్పు అక్షరాలకే చక్కని వాక్యం అల్లి ఇస్తుంది. అందుకే అనువాదం ఎంత అందంగా ఉందో చూసి లాభం లేదు. యాప్ ఏరిన మూల అక్షరాల్ని తెరిచి చూడండి. ఫొటోని కాస్త దగ్గరగా కత్తిరించి మళ్లీ పెట్టండి. ఆ అక్షరాలే మారిపోతుంటే యంత్రానికి రాత అందడం లేదని అర్థం. అవి మారకుండా అనువాదం మాత్రమే మారితే అప్పుడు అర్థం గురించి వాదించుకోవచ్చు. భాష రాకపోయినా ఎవరైనా చేయగల పరీక్ష ఇది. ఒక వాక్యంలో చంద్రుడు, ఇంకో వాక్యంలో బియ్యం వచ్చాయంటే మీది మొదటి రకమేనని నా అనుమానం.

వెలుతురు గారి ఫొటో సలహా మంచిదే. ఫ్రెండ్ సలహాతో మాత్రం నేను ఏకీభవించను. ఆ గొలుసుకట్టు రాతని కుజుషిజి అంటారు. జపనీస్‌లో శబ్దాల్ని రాసే అక్షరాల్ని కానా అంటారు, ఒక్కో శబ్దానికి ఒకే కానా అక్షరం అని బళ్లలో స్థిరపరిచింది 1900లో. అంతకుముందు ఒకే శబ్దానికి చాలా రూపాలు వాడేవారు. ఈ రోజు జపాన్‌లో పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామంది దాన్ని చదవలేరు. కాబట్టి మనిషి అయితే చాలదు, ఆ రాత చదవడం నేర్చుకున్న మనిషి కావాలి.

వెలుతురు: కుజుషిజి కోసమే miwo అనే యాప్ ఉంది కదా? 2021 నుంచీ ఉచితం.

కుంచెరాత: ఉంది, మంచిది కూడా. కానీ అది అక్షరాల్ని ఆధునిక రూపంలోకి మారుస్తుందే గాని అర్థం చెప్పదు. అది ఎక్కువగా నేర్చుకున్నది జపాన్‌లో 17 నుంచి 19వ శతాబ్దం దాకా సాగిన ఎడో కాలపు పుస్తకాల నుంచి. చిత్రకారుడు తన ఇష్టానికి సాగదీసిన సంతకం దగ్గర తడబడవచ్చు. ముద్రలు మరీ కష్టం, వాటి లిపే వేరు. కొన్నిట్లో ఎర్ర అక్షరాలుంటాయి, కొన్నిట్లో ఎరుపు మధ్య తెల్లగా వదిలిన అక్షరాలుంటాయి. చిత్రకారుడి పేరు దొరికేది చాలాసార్లు అక్కడే.

ఇక ఆ 1924. పటం మీద ఆ అంకె ఉండే అవకాశం తక్కువ. నా ఊహ, అక్కడ "కినోఎ నె" అని ఉండాలి. అది మన ప్రభవ, విభవల్లాగే అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే సంవత్సరం పేరు. 1804, 1864, 1924 మూడూ కినోఎ నెలే. వాటిలో ఒకదాన్ని యంత్రం ఎంచుకుంది. ఏది నిజమో తేలాలంటే చిత్రకారుడి పేరు, కాగితం, పటం కట్టిన తీరు చూడాలి. వాటికి ఫొటో ఒక్కటే చాలదు.

పటం_ప్రశ్న: మూల అక్షరాలు చూశాను. మీరన్నట్టే రెండుసార్లూ వేరుగా ఉన్నాయి. చివర రెండు అక్షరాలు మాత్రం ఒకేలా వచ్చాయి.

కుంచెరాత: ఆ రెండూ పనికొచ్చే ఆధారం, రాసి పెట్టుకోండి. బొమ్మ దేని గురించో తెలిస్తే చాలనుకుంటే ఇక్కడితో ఆగొచ్చు. అమ్మాలన్నా, బీమా చేయించాలన్నా, మరమ్మతుకి ఇవ్వాలన్నా నిపుణుడు కావాలి. పటం మొత్తం ఒక ఫొటో, రాత వరుస ఒకటి, ఒక్కో ముద్ర పక్కన స్కేలు పెట్టి ఒక్కోటి పంపండి. యాప్ అనువాదం మాత్రం ముందే పంపకండి, చదివేవారి కన్ను దాని వైపే లాగుతుంది.

వెలుతురు: ఇది ఒప్పుకోను. గంటకింత అని తీసుకునే మనిషికి ఉన్న ఆధారం దాచడమెందుకు? నిపుణుడు దాన్ని పక్కన పెట్టలేడా?

కుంచెరాత: పెట్టగలిగేవాళ్లూ ఉన్నారు. కానీ అరిగిపోయిన ముద్ర దగ్గర "ఇదే అయ్యుంటుంది" అనే మాట ముందే చెవిన పడితే వేరే రూపం కనిపించడం కష్టం. ముందు వాళ్లని చదవనివ్వండి, తర్వాత చూపించండి.

వెలుతురు: అప్పుడు రెండుసార్లు డబ్బు కట్టాలి. నేనైతే మొదటే పంపుతాను.